ఆలిగేషన్ లెక్క తప్పలేదు, అయినా ఆన్సర్ తప్పింది: ఎక్కడ చూడాలి?

సమస్య: రెండింటిని ఏ నిష్పత్తిలో కలిపితే కావాల్సిన సగటు వస్తుందో తేల్చడానికి ఆలిగేషన్ గుర్తు వేశారు, తేడాలు తీశారు, నిష్పత్తి వచ్చింది. అది ఆప్షన్లలో కూడా ఉంది. టిక్ పెట్టేశారు. కీ చూస్తే తప్పు.

ఆప్షన్లలో మీ జవాబు కనపడటం అది సరైనదనడానికి రుజువు కాదు. పేపర్ తయారుచేసేవాళ్లు అభ్యర్థులు ఎక్కడ తప్పుతారో ముందే లెక్క వేసి, ఆ తప్పు జవాబునే ఒక ఆప్షన్‌గా పెడతారు. కాబట్టి వచ్చిన నిష్పత్తితో సగటు మళ్లీ కట్టి చూసే తేల్చాలి.

ముందు తేలికైన కారణం చూద్దాం: నిష్పత్తి తిరగబడటం. 20%, 50% యాసిడ్ ద్రావణాలు కలిపి 30% ద్రావణం చేయాలి. తేడాలు 20, 10. అంటే 2:1. అయితే ఏది 2, ఏది 1? 30 అనేది 50 కంటే 20కి దగ్గర, కాబట్టి 20% ద్రావణమే ఎక్కువ పోయాలి. సరిచూస్తే (2×20 + 1×50) ÷ 3 = 30. తిరగేసి 1:2 పెడితే 40 వస్తుంది. దీనికి అయిదు సెకన్లు కూడా పట్టవు.

అసలు ఇబ్బంది పెట్టేది రెండో కారణం. ఈ లెక్క చూడండి.

ఎ పాత్రలో యాసిడ్, నీళ్లు 3:1 నిష్పత్తిలో ఉన్నాయి. బి పాత్రలో 2:3. యాసిడ్, నీళ్లు సమానంగా, అంటే 1:1 రావాలంటే ఎ, బి లను ఏ నిష్పత్తిలో కలపాలి?

చాలామంది 3/1, 2/3, మధ్యలో 1 అని వేసేస్తారు. తేడాలు 1/3, 2. నిష్పత్తి 1:6. ఆప్షన్లలో 1:6 ఉంటే ఇక అనుమానమే రాదు.

ఇప్పుడు సరిచూద్దాం. ఎ నుంచి 1 లీటరు తీసుకుంటే అందులో యాసిడ్ 0.75 లీటరు. బి నుంచి 6 లీటర్లు తీసుకుంటే 2.4 లీటర్లు. మొత్తం 7 లీటర్లలో యాసిడ్ 3.15. సగం కావాలంటే 3.5 ఉండాలి. సరిపోలేదు, ఆ ఆప్షన్ కొట్టేయొచ్చు.

కారణం: ఆలిగేషన్ ఇచ్చే నిష్పత్తి ఎప్పుడూ మీరు వేసిన భిన్నంలోని హారానిది. 3/1 లో హారం నీళ్లు. అందుకే 1:6 అంటే ఎ నుంచి వచ్చిన నీళ్లకూ, బి నుంచి వచ్చిన నీళ్లకూ ఉన్న నిష్పత్తి. అది తప్పు సంఖ్య కాదు, మిమ్మల్ని అడగని ప్రశ్నకు సరైన జవాబు.

పరిష్కారం: ప్రశ్న అడిగింది మొత్తం ద్రావణం గురించి, కాబట్టి హారంలో మొత్తం ఉండాలి. ఎ లో యాసిడ్ 3/4, బి లో 2/5, కావాల్సింది 1/2. తేడాలు 1/10, 1/4. నిష్పత్తి 2:5. సరిచూస్తే, 2 లీటర్లలో 1.5, 5 లీటర్లలో 2, మొత్తం 7 లీటర్లలో 3.5. సరిగ్గా సగం. ఇందులో నీళ్లు కూడా చూడండి: ఎ నుంచి 0.5, బి నుంచి 3. అదే 1:6!

ఇదే తప్పు వేరే వేషంలోనూ వస్తుంది. కొంత దూరం గంటకు 40 కి.మీ., మిగతాది 60 కి.మీ. వేగంతో వెళ్తే సగటు 48 వచ్చింది, దూరాల నిష్పత్తి ఎంత? తేడాలు 12, 8, అంటే 3:2. కానీ వేగంలో హారం కాలం, కాబట్టి 3:2 గంటల నిష్పత్తి. దూరాలు 40×3 = 120, 60×2 = 120. జవాబు 1:1. లాభశాతం లెక్కల్లో హారం కొన్న ధర, కాబట్టి అక్కడ వచ్చేది కొన్న ధరల నిష్పత్తి; అమ్మిన ధరలది అడిగితే మరో అడుగు వేయాలి.

నిష్పత్తి సరిగ్గానే ఉన్నా ఆప్షన్ తప్పితే ప్రశ్న చివరి వాక్యం మళ్లీ చదవండి. పై లెక్కలోనే మొత్తం 35 లీటర్లు కావాలంటే ఎ 10, బి 25. రెండూ ఆప్షన్లలో ఉంటాయి, సగటు కూడా రెండింటికీ సరిపోతుంది. ఇక్కడ సగటుతో సరిచూడటం మిమ్మల్ని కాపాడదు. ఏ పాత్ర గురించి అడిగారో కింద గీత గీసుకోవడమే మార్గం.

కొంత తీసి, అంతే నీళ్లు పోసి, మళ్లీ అదే చేస్తూ పోయే లెక్కలకు ఒక్కసారి ఆలిగేషన్ వేస్తే చాలదు. 40 లీటర్ల యాసిడ్‌లో ప్రతిసారీ 4 లీటర్లు తీసి నీళ్లు పోస్తే, రెండోసారి తీసే 4 లీటర్లలో కొంత నీళ్లే ఉంటాయి. కాబట్టి ఒక్కోసారికి ఉన్నదాంట్లో 9/10 మిగులుతుంది. మూడుసార్లకు 40 × 0.9 × 0.9 × 0.9 = 29.16 లీటర్లు. ప్రతిసారీ 4 చొప్పున తీసేసి 28 అని వేసుకునేవాళ్ల కోసం 28 కూడా ఆప్షన్లలో ఉంటుంది.