ఫొటోలో ఎర్ర కారు ఒక్కటే నీలం కావాలంటే సూచన ఎలా రాయాలి?

"ఈ కారును నీలం చెయ్యి" అని రాసి ఏఐ టూల్‌కు ఫొటో ఇస్తే కారు నీలమవుతుంది. దాంతోపాటు చాలాసార్లు టెయిల్ లైట్లూ నీలమవుతాయి, వెనక షాపు బోర్డు మీది అక్షరాలు చెదిరిపోతాయి, పక్కన నిల్చున్న మనిషి ముఖం కాస్త వేరేగా వస్తుంది. అప్పుడు అందరూ చేసే పని, అదే వాక్యం చివర "మిగతాది మార్చొద్దు" అని తగిలించడం. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఎందుకో తెలియాలంటే టూల్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

మాటలతో ఫొటోలు మార్చే ఏఐ టూల్స్ చాలావరకు కారు మీద మాత్రమే రంగు వెయ్యవు. ఫొటో మొత్తాన్ని ముందు ఒక కుదించిన రూపంలోకి మార్చుకుంటాయి, ఆపై మీ సూచన చూస్తూ మొత్తం బొమ్మను మళ్లీ తయారు చేస్తాయి. అంటే "మారని" గోడ కూడా కొత్తగా తయారైన గోడే, పాతదాన్ని పోలి ఉంటుందంతే. సన్నటి వివరాలు, చిన్న ముఖాలు, నంబర్ ప్లేటు అంకెలు ఇక్కడే దెబ్బతింటాయి. అన్నిటికన్నా ఎక్కువగా పాడయ్యేది తెలుగు అక్షరాలు. ఒత్తులూ గుణింతాలూ కలిసిపోయి అక్షరంలా కనిపించే గీతలు మిగులుతాయి. అందుకే పనిని రెండుగా విడదీయాలి. పెయింట్ సరిగ్గా మార్చే బాధ్యత సూచనది. మిగతాది మారకుండా చూసే పూచీ చివర్లో వేసే మాస్కుది, అంటే కొత్త బొమ్మ ఎక్కడ కనిపించాలో, పాతది ఎక్కడ కనిపించాలో తేల్చే పొరది.

ఒక ఫొటో తీసుకుందాం. వాన వెలిసిన వీధిలో కిరాణా షాపు ముందు ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఆగి ఉంది. షాపు బోర్డు ఎరుపు, దాని మీద తెల్లటి తెలుగు అక్షరాలు. కారు పక్కన ఎర్ర చీరలో ఒకామె. కారు ముందు నీటి గుంట.

ఫొటో సిద్ధం చేసుకోవడం

ఫోన్లో తీసిన అసలు ఫైలే వాడండి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన కాపీ అప్పటికే నలిగిపోయి ఉంటుంది. అసలు ఫొటో 4000×3000 పిక్సెళ్లు అనుకుంటే అది 12 మెగాపిక్సెళ్లు. చాలా టూల్స్ తిరిగిచ్చేది సుమారు ఒక మెగాపిక్సెల్ బొమ్మ. మొత్తం ఫొటో పంపితే మీ చేతికి చిన్నదైపోయి వస్తుంది.

అందుకని కారు చుట్టూ ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించి పంపండి. మన ఫొటోలో కారు వెడల్పు 900 పిక్సెళ్లు. రెండు వైపులా 150 చొప్పున వదిలి 1200×900 ముక్క తీస్తే చాలు, నీటి గుంట కూడా అందులోకి వస్తుంది. ఆ ముక్క పై ఎడమ మూల అసలు ఫొటోలో ఎక్కడ ఉందో అంకెలు రాసిపెట్టుకోండి, తిరిగి అతికించేటప్పుడు కావాలి. ముక్క బయట ఉన్నదంతా టూల్ కంట పడదు కాబట్టి దాని గురించి దిగులే అక్కర్లేదు.

రాసే ముందు ఎరుపులన్నీ లెక్కపెట్టండి

ఫొటోను పెద్దది చేసి ఎరుపు ఎక్కడెక్కడ ఉందో చూడండి. కారు బాడీ, టెయిల్ లైట్లు, షాపు బోర్డు, చీర వెంటనే కనిపిస్తాయి. మామూలుగా కళ్లు దాటిపోయేవి వేరే ఉన్నాయి: నీటి గుంటలో కారు ప్రతిబింబం, బంపరు దగ్గర తెల్లగోడ మీద పడిన లేత ఎరుపు ఛాయ, కారు తలుపు అద్దంలో కనిపిస్తున్న బోర్డు. వీటిలో ఏది మారాలో, ఏది అలాగే ఉండాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఎడిటింగ్ యాప్‌లో ఒక రంగును ఇంకో రంగుకు తిప్పే హ్యూ స్లైడర్‌తో ఇదంతా నిమిషంలో అయిపోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ స్లైడర్‌కి కారంటే ఏమిటో తెలియదు, ఎరుపంటే మాత్రమే తెలుసు. చీరా బోర్డూ కూడా నీలమవుతాయి, చర్మంలోని ఎర్రదనం ఊదాకు తిరుగుతుంది. వాటిని బ్రష్‌తో ఒక్కొక్కటిగా మినహాయిస్తూ పోవాలి. అయినా కారు అంచుల్లో ఊదారంగు చార మిగులుతుంది.

సూచన రాయడం

మొదటి వాక్యంలో ఏ వస్తువు, అందులో ఏ భాగం, ఏ రంగు అనే మూడూ ఉండాలి. "కారును నీలం చెయ్యి" అంటే నీలం కారును గీయమని అర్థం తీసుకునే వీలుంది. అప్పుడు గ్రిల్లు, చక్రాలు, కొన్నిసార్లు కారు మోడలే మారిపోతుంది. "కారు బాడీ పెయింట్ రంగును మార్చు" అనండి. "రూపాంతరం చెయ్యి", "కొత్త లుక్ ఇవ్వు" లాంటి మాటలు అసలు వాడకండి, అవి మొత్తం తిరగరాయడానికి అనుమతి ఇచ్చినట్టే. కారు కంపెనీ పేరు, మోడల్ పేరు కూడా రాయకండి. మీ కారును వదిలేసి ఆ మోడల్ మామూలుగా ఎలా ఉంటుందో అలా గీసే ప్రమాదం ఉంది. వస్తువును దాని స్థానంతో గుర్తించండి: "ఫొటో మధ్యలో, కిరాణా షాపు ముందు". కుడి, ఎడమ అని రాయాల్సి వస్తే అది ఫొటో చూసేవాళ్ల కుడా, కారు కుడా అన్నది స్పష్టంగా చెప్పండి.

ఇక రంగు. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. నీలమంటే ఏ నీలం? ఆకాశ నీలం అడిగితే ఎరుపు కన్నా బాగా లేత రంగు కాబట్టి నీడలో ఉన్న తలుపును కూడా తేలిక చెయ్యాలి, దాంతో ఆ మేరకు వెలుతురే మారినట్టు కనిపిస్తుంది. నేవీ బ్లూ అడిగితే నీడ భాగాలు నల్లగా ముద్దకట్టి తలుపు గీతలు, హ్యాండిల్ అంచులు మాయమవుతాయి. ఎర్ర పెయింట్‌కు వెలుగులో దగ్గరగా ఉండే రాయల్ బ్లూ లాంటి నడిమి నీలం అడిగితే టూల్ మార్చాల్సింది రంగు ఒక్కటే అవుతుంది. రంగు కోడ్ ఇస్తే అచ్చంగా అదే వస్తుందని నమ్మకండి. ఎండ పడిన బానెట్‌కీ నీడలోని డోరుకీ ఒకే కోడ్ ఎలాగూ ఉండదు.

పెయింట్ స్వభావాన్ని కూడా కట్టడి చెయ్యాలి. మన కారుది మామూలు పెయింట్, మెటాలిక్ కాదు. ఆ మాట చెప్పకపోతే షోరూం మెరుపు తెచ్చిపెడుతుంది, దుమ్ము తుడిచేస్తుంది, డోరు మీది సొట్టను సాపు చేస్తుంది. బానెట్ మీది తెల్లటి మెరుపు పెయింట్ రంగు కాదు, ఆకాశపు వెలుగు. అది తెల్లగానే ఉండాలి, నీలి ఛాయ పట్టిందంటే కారు ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. అందుకే "వెలుగు, నీడ, మెరుపులు, దుమ్ము, గీతలు ఉన్నట్టే ఉండాలి" అన్న వాక్యం తప్పనిసరి.

ఆ తర్వాత మినహాయింపులు. "టెయిల్ లైట్లను నీలం చెయ్యొద్దు" అని రాస్తే టెయిల్ లైట్లు, నీలం అనే రెండు మాటలూ పక్కపక్కన పడతాయి. కొన్ని టూల్స్‌లో నీలం వాటికి అంటుకునేది ఇలాగే. "టెయిల్ లైట్లు ఎరుపుగానే ఉండాలి" అని, ఏం కావాలో అది రాయండి. పేరు పెట్టి చెప్పాల్సినవి పొరపాటుకు అవకాశమున్నవే: కారుకు అతుక్కుని ఉన్నవి, కారు రంగులోనే ఉన్నవి. ఫొటోలోని ప్రతి కుర్చీనీ ప్రతి తీగనూ జాబితా చేస్తే అసలు పని పలచబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది మరిచేది ప్రతిబింబం. "మిగతాదంతా అలాగే" అన్న మాటను అక్షరాలా పాటిస్తే నీలం కారు కింద నీటిలో ఎర్ర కారు కనిపిస్తుంది. చూసేవాళ్లకు కారణం తట్టకపోయినా ఫొటో నకిలీదని ఇట్టే తెలిసిపోతుంది. నీటిలోని ప్రతిబింబం, గోడ మీది ఛాయ కారు రంగుతో పాటు మారాలి. తలుపు అద్దంలోని బోర్డు మాత్రం ఎర్రగానే ఉండాలి, అది కారుది కాదు కదా.

ఇవన్నీ కలిపితే సూచన ఇలా వస్తుంది:

```
ఫొటో మధ్యలో కిరాణా షాపు ముందు ఆగి ఉన్న ఎర్ర కారు
బాడీ పెయింట్ రంగును రాయల్ బ్లూకి మార్చు. మామూలు
పెయింట్, మెటాలిక్ కాదు. పెయింట్ మీది వెలుగు, నీడ,
తెల్లటి మెరుపులు, దుమ్ము, గీతలు ఉన్నట్టే ఉండాలి.
టెయిల్ లైట్లు, షాపు బోర్డు, పక్కనున్న ఆమె చీర
ఎరుపుగానే ఉండాలి. కారు అద్దాలు, టైర్లు, నంబర్ ప్లేటు
ఉన్నట్టే ఉండాలి. నీటి గుంటలో కారు ప్రతిబింబం, గోడ
మీద కారు ఎర్ర ఛాయ కూడా అదే నీలానికి మారాలి.
ఫ్రేమ్, కెమెరా కోణం, మిగతాదంతా ఇప్పుడున్నట్టే ఉండాలి.
```

"అందంగా", "రియలిస్టిక్‌గా", "హెచ్‌డీ క్వాలిటీలో" అని చివర చేర్చకండి. అవి మొత్తం ఫొటోకు మెరుగులు దిద్దమని చెప్పే మాటలు. నేపథ్యం బ్లర్ చెయ్యాలన్నా, ఇంకేదైనా తీసెయ్యాలన్నా అది వేరే సూచన, వేరే వంతు. మీ టూల్‌కు తెలుగు సరిగ్గా అందకపోతే ఇదే వరసలో ఇంగ్లిష్‌లో రాయండి, వరస మాత్రం మార్చకండి.

ఏం మారిందో చూడటం

కంటితో పోల్చి "బాగానే ఉంది" అనుకుంటే కుదరదు. ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో గానీ, బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోపీలో గానీ పాత ముక్కను కింద, కొత్తదాన్ని 1200×900కి సరిచేసి పైన పెట్టండి. పై పొర కింది పొరతో కలిసే తీరును, అంటే బ్లెండ్ మోడ్‌ను, `Difference`కు మార్చండి. మారని చోటు నల్లగా, మారిన చోటు వెలుగుగా కనిపిస్తుంది. కారు, ప్రతిబింబం, గోడ ఛాయ వెలగాలి. మిగతా అంతటా సన్నటి నుసి లాంటిది కనిపిస్తే అది మళ్లీ తయారు చెయ్యడం వల్ల వచ్చేదే, కంగారు పడక్కర్లేదు. బోర్డు అక్షరాలకూ గోడ అంచులకూ జంట గీతలు కనిపిస్తే మాత్రం ఫ్రేమ్ జరిగిందన్నమాట. మీ టూల్ ఒప్పుకునే పొడవు వెడల్పుల నిష్పత్తి ఏదో చూసుకుని, అదే నిష్పత్తిలో ముక్క తీసి మళ్లీ పంపండి. ఆ ఫలితాన్ని అతికించే ప్రయత్నం చెయ్యకండి, ఎక్కడా అంచులు కలవవు.

ఫలితం నచ్చకపోతే దాన్నే మళ్లీ ఎక్కించి "టెయిల్ లైట్లు ఎర్రగా చెయ్యి" అని అడగడం చాలామందికి అలవాటు. ప్రతి వంతుకూ ఫొటో మొత్తం ఇంకోసారి తయారవుతుంది, వివరాలు ఇంకొంచెం అరుగుతాయి. ప్రతిసారీ అసలు ముక్క నుంచే మొదలుపెట్టండి. సూచనలో ఒక్కసారికి ఒక్క వాక్యమే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

మాస్కుతో అతికించడం

అసలు ఫొటో మీద, రాసిపెట్టుకున్న చోట కొత్త ముక్కను పెట్టి, బ్లెండ్ మోడ్ `Normal`కు తెచ్చి, ఆ పొరకు నల్ల మాస్కు వెయ్యండి. ఇప్పుడు పాత ఫొటోనే కనిపిస్తుంది. తెల్ల బ్రష్‌తో కారు బాడీ మీద, ప్రతిబింబం మీద, గోడ ఛాయ మీద మాత్రం పుయ్యండి. లైట్లు, నంబర్ ప్లేటు, అద్దాలు, ఆమె, బోర్డు అన్నీ అసలు పిక్సెళ్లతోనే ఉండిపోతాయి. తెలుగు అక్షరాలను కాపాడేందుకు ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

బాడీ అంచుకు లోపలే ఆగితే సన్నటి ఎర్ర గీత మిగులుతుంది, బాగా బయటికి పోతే కొత్త నేపథ్యం లోపలికి వస్తుంది. అంచు దాటి ఒకటి రెండు పిక్సెళ్ల వరకే వెళ్లి, బ్రష్ అంచును కాస్త మెత్తగా ఉంచండి. 100 శాతం జూమ్‌లో చక్రాల తోరణాలు, సైడ్ మిర్రర్, యాంటెన్నా మొదలు తప్పకుండా చూడండి. ఎర్ర గీత మిగిలేది ఎక్కువగా అక్కడే.

పని ఫైలును పొరలతో సహా, ఫలితాన్ని పీఎన్‌జీగా దాచుకోండి. జేపీజీగా సేవ్ చేస్తే మొత్తం ఫొటో మళ్లీ కుదించబడుతుంది, మీరు ముట్టుకోని చోట కూడా పిక్సెళ్లు కొద్దికొద్దిగా మారతాయి. పంపడానికి జేపీజీయే కావాలంటే పీఎన్‌జీ నుంచి ఒక్కసారే, 90కి తగ్గని క్వాలిటీతో తీయండి.