ఒక చెవి దిబ్బడ, గుయ్‌మని మోత: గులిమి కాదని ఎలా తేలింది

పొద్దున లేచేసరికి ఎడమ చెవి దిబ్బడేసింది, లోపల ఆగని గుయ్‌మనే మోత. నూనె చుక్కలు, ఇయర్‌బడ్, ముక్కు మూసి గాలి ఊదడం: ఏదీ పనిచెయ్యలేదు. (ఇయర్‌బడ్ గులిమిని ఇంకా లోపలికి నెడుతుంది.)

దారి చూపింది చిన్న పరీక్ష. నోరు మూసుకుని సన్నగా "మ్‌మ్‌మ్" అనాలి. ఆ శబ్దం దిబ్బడ చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమో, కర్ణభేరి వెనక నీరో కావచ్చు. ఇక్కడ మాత్రం బాగున్న కుడి చెవివైపు వెళ్లింది. అంటే లోపలి చెవి లేదా నరం మీద అనుమానం.

అదే రోజు ఈఎన్‌టీకి చూపిస్తే చెవి లోపల శుభ్రంగా ఉంది. మోగించి చెవి దగ్గర, తల మీద పెట్టే ట్యూనింగ్ ఫోర్క్ కూడా లోపలి చెవి లేదా నరం వైపే చూపింది. వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్‌లో వరసగా 3 ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్‌కు పైగా తగ్గుదల. 3 రోజుల లోపు ఇలా పడిపోతే హఠాత్తు నరాల వినికిడి లోపం అంటారు. వెంటనే స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. వీటిని మొదటి 2 వారాల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. తర్వాత నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి ఎంఆర్‌ఐ.

వినికిడి చాలావరకు తిరిగొచ్చింది, మోత సన్నగా మిగిలింది. మందు వల్లో, దానంతటదేనో చెప్పలేం. కొందరికి మందు లేకుండానే తగ్గుతుంది, కొందరికి మందు వేసినా రాదు. "మ్‌మ్‌మ్" పరీక్ష కూడా తప్పొచ్చు, కాబట్టి అది బాగుందని ఇంట్లో కూర్చోవద్దు.

మూతి వంకర, మాట తడబాటు, నిలబడలేనంత తల తిరగడం, తలకు దెబ్బ వీటిలో ఏది తోడున్నా నేరుగా ఎమర్జెన్సీకే. మోత నాడి కొట్టుకున్నట్టు వినిపిస్తే అదీ త్వరగా చూపించాలి.