ఆన్‌లైన్ పరీక్షలో రాసిన జవాబు సబ్మిట్ చేయకముందే మాయమైతే హెల్ప్ డెస్క్‌కు లెటర్ ఎలా రాయాలి?

"సర్, నా ఆన్సర్ మొత్తం పోయింది. సర్వర్ ప్రాబ్లం. దయచేసి మార్కులు వేయండి." కాలేజీ హెల్ప్ డెస్క్‌కు ఇలాంటి లెటర్లు వస్తూనే ఉంటాయి. చదివినవాళ్లకు జాలి కలుగుతుంది కానీ, చేయడానికి పని మాత్రం దొరకదు. ఏ పరీక్షో, ఎన్నో ప్రశ్నో, ఎన్ని గంటలకో తెలియకపోతే సర్వర్‌లో దేనికోసం వెతకాలి? లెటర్ చదివిన మనిషి లాగ్స్, అంటే ఏ టైమ్‌కు ఏం జరిగిందో సర్వర్ రాసి పెట్టుకునే రికార్డులు, తెరిచి సరిగ్గా ఆ నిమిషం దగ్గరికి వెళ్లగలగాలి. ఇక్కడ చెప్పేదంతా అందుకోసమే.

కాలేజీల్లో ఎక్కువగా కనిపించే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ మూడిల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. వేరే సాఫ్ట్‌వేర్ అయితే స్క్రీన్ మీద మాటలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు పరీక్ష, తర్వాత లెటర్

జవాబు పోయిందని గమనించేసరికి ఇంకా టైమ్ ఉంటే చేయాల్సిన మొదటి పని మళ్లీ టైప్ చేయడం. అంతకంటే ముందు పది సెకన్లు ఆగి, జవాబు పెట్టెలో క్లిక్ చేసి కంట్రోల్ జెడ్ నొక్కి చూడండి. నెట్ లేదన్న ఎర్రర్ పేజీ వచ్చి ఉంటే బ్యాక్ నొక్కి చూడండి, ఒక్కోసారి టైప్ చేసింది అలాగే కనిపిస్తుంది. రెండూ పనిచేయకపోతే ఒక స్క్రీన్‌షాట్ తీసుకుని రాయడం మొదలుపెట్టండి. ఫోన్ దగ్గర ఉంచుకోకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు అన్న నిబంధన ఉన్న పరీక్ష అయితే ఆ పని చేయకండి. ఇన్విజిలేటర్‌కు అప్పుడే చెప్పి, చెప్పిన టైమ్ గుర్తుపెట్టుకోండి.

చివరగా వచ్చే సమ్మరీ పేజీలో ప్రతి ప్రశ్న పక్కన `Answer saved` అనో `Not yet answered` అనో ఉంటుంది. `Submit all and finish` నొక్కేముందు ఆ వరుసంతా చూడాలి. అది నొక్కాక మీ చేతుల్లో ఏమీ ఉండదు. అయితే `Answer saved` అంటే ఏదో ఒకటి సేవ్ అయిందని మాత్రమే, పూర్తి జవాబు సేవ్ అయిందని కాదు. పెద్ద జవాబు రాసిన ప్రశ్నను మళ్లీ తెరిచి చివరి వాక్యం ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

జవాబు ఎక్కడ పోయింది?

ఇది తెలిస్తేనే లెటర్‌లో ఏం అడగాలో తెలుస్తుంది. మీరు టైప్ చేసే అక్షరాలు ముందు మీ బ్రౌజర్‌లోనే ఉంటాయి. మూడిల్ మామూలు సెట్టింగ్‌లో, మీరు ఏదైనా మార్చాక సుమారు 1 నిమిషానికి దాన్ని తనంతట తానే సర్వర్‌కు పంపుతుంది. పేజీ మారినప్పుడు కూడా పంపుతుంది. నెట్ తెగితే ఈ పంపడం ఆగిపోతుంది. మీరు టైప్ చేస్తూనే ఉంటారు, స్క్రీన్ మీద అక్షరాలు పడుతూనే ఉంటాయి, సర్వర్‌కు మాత్రం ఒక్క ముక్క కూడా చేరదు.

అలాంటప్పుడు పేజీ మీద `Network connection lost. (Autosave failed).` అని మెసేజ్ వస్తుంది. అది కనిపిస్తే పేజీ మార్చకండి, రిఫ్రెష్ చేయకండి. రాసిందంతా కాపీ చేసి, నెట్ సరిచేసుకుని, ఆ మెసేజ్ పోయేదాకా ఆగండి. అది పోయిందంటే మీ జవాబు సర్వర్‌కు చేరినట్టే.

సర్వర్‌కు ఎప్పుడూ చేరని జవాబును ఎవరూ వెనక్కి తేలేరు. హెల్ప్ డెస్క్ వాళ్లు కాదు కదా, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కూడా తేలేరు. వాళ్లు చూపించగలిగేవి రెండు: చివరిసారి సేవ్ అయిన ముక్క ఏది, ఆ తర్వాత మీ వైపు నుంచి సర్వర్‌కు ఏమీ రాని ఖాళీ ఎంతసేపు. ఆ ఖాళీయే మీ మాటకు సాక్ష్యం.

ఒక కేసు

గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఎకనామిక్స్ ఇంటర్నల్ రాసింది. పరీక్ష 10:00 నుంచి 11:30 దాకా. హాస్టల్లో కరెంటు పోయి వైఫై ఆగడంతో ల్యాప్‌టాప్‌కు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంది. 10:50కి నాలుగో ప్రశ్న మొదలుపెట్టింది. నెట్ పోయిందన్న మెసేజ్ వస్తే ఫోన్‌తో ఫొటో తీయకుండా ల్యాప్‌టాప్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి, టైప్ చేస్తూ పోయింది. 11:08కి తర్వాతి పేజీకి వెళ్లబోతే ఎర్రర్ వచ్చింది. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ వేసి పేజీ తెరిస్తే నాలుగో ప్రశ్నలో మొదటి పేరా ఒక్కటే మిగిలింది.

మొదట ఆమె పంపింది పైన చెప్పిన మూడు ముక్కల లెటరే. తర్వాత హెల్ప్ డెస్క్ ఆఫీసుకు వచ్చి, "నేను మొత్తం రాశాను సర్, రెండు పేజీలు వచ్చింది సర్" అంది.

"సరేనమ్మా, ఎంత రాశావన్నది తర్వాత చూద్దాం. చివరిసారి స్క్రీన్ మీద ఏం కనిపించింది, ఎన్ని గంటలకు?"

అప్పుడు స్క్రీన్‌షాట్ సంగతి బయటికొచ్చింది. దాన్ని ఫ్రెండ్‌కు వాట్సాప్‌లో పంపి, ఆ కాపీనే లెటర్‌కు జత చేసింది. వాట్సాప్ గుండా వచ్చిన ఫొటో పేరు మారిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఆ పేరులో తేదీ, వరుస సంఖ్య ఉంటాయి గానీ తీసిన గంట, నిమిషం ఉండవు. ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫైల్‌కు మాత్రం సేవ్ అయిన టైమ్ 10:57 అని ఉంది. అందుకే స్క్రీన్‌షాట్‌ను ఎప్పుడూ అసలు ఫైల్‌గానే మెయిల్‌కు జత చేయాలి, క్రాప్ చేయకూడదు, మూలన ఉన్న గడియారం కనిపించాలి.

లెటర్

ఆమె రెండోసారి రాసిన లెటర్ దాదాపు ఇలా ఉంది. సబ్జెక్ట్ లైన్‌లోనే రోల్ నంబర్, పరీక్ష పేరు, ప్రశ్న నంబర్ పెట్టింది.

> విషయం: ఎకనామిక్స్ ఇంటర్నల్-2, 12-03-2025, ప్రశ్న 4 జవాబు సేవ్ కాలేదు – రోల్ నంబర్ ______
>
> హెల్ప్ డెస్క్ వారికి,
>
> నమస్కారం సర్. నేను బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థినిని. నిన్న ఉదయం 10:00 నుంచి 11:30 వరకు జరిగిన పరీక్షలో 4వ ప్రశ్నకు (8 మార్కులు) రాసిన జవాబులో మొదటి పేరా తప్ప మిగతాది సేవ్ కాలేదు.
>
> జరిగింది ఇది (టైమ్‌లన్నీ మన కాలమానం ప్రకారం):
> 10:50 – 4వ ప్రశ్న మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్, క్రోమ్, ఫోన్ హాట్‌స్పాట్.
> 10:57 – Network connection lost అని మెసేజ్ వచ్చింది. స్క్రీన్‌షాట్ జత చేశాను. నేను టైప్ చేస్తూనే ఉన్నాను.
> 11:08 సుమారు – తర్వాతి పేజీకి వెళ్లబోతే ఎర్రర్ వచ్చింది.
> 11:10 సుమారు – మళ్లీ తెరిస్తే మొదటి పేరా మాత్రమే ఉంది.
> 11:29 – సబ్మిట్ చేశాను.
>
> కారణం నాకు ఖచ్చితంగా తెలియదు. నా నెట్ తెగి ఉండవచ్చు.
>
> నా విన్నపాలు:
> 1. ఈ ప్రశ్నలో ఎప్పుడు ఏం సేవ్ అయిందో చూపే రెస్పాన్స్ హిస్టరీ, 10:50 నుంచి 11:30 వరకు నా లాగ్స్ చూడగలరు. సేవ్ అయిన జవాబు ఇంకేదైనా ఉంటే దాన్ని మూల్యాంకనకు తీసుకోగలరు.
> 2. విచారణ పూర్తయ్యేవరకు ఆ లాగ్స్ పోకుండా ఉంచగలరు.
> 3. జవాబు దొరకకపోతే, ఆ ఒక్క ప్రశ్నకు మళ్లీ రాసే అవకాశం గురించి సబ్జెక్ట్ మేడమ్‌ను అడగగలరు.
>
> ఇట్లు,
> పేరు, రోల్ నంబర్, ఫోన్ నంబర్

ఇందులో "సర్వర్ ప్రాబ్లం" అన్న మాట లేదు. లాగ్స్‌లో మిగతా వందమంది జవాబులు చక్కగా సేవ్ అయినట్టు కనిపిస్తే, ఆ ఒక్క మాటతో లెటర్ మొత్తం మీదా నమ్మకం పోతుంది. "నా నెట్ తెగి ఉండవచ్చు" అని ఒప్పుకోవడానికి చాలామంది భయపడతారు. నాకు మాత్రం అదే బలమైన వాక్యంగా అనిపించింది, ఎందుకంటే లాగ్స్ కూడా అదే చెప్పాయి. గుర్తున్న టైమ్‌కు "సుమారు" అని, రుజువున్న టైమ్‌కు ఖచ్చితంగా రాయడం కూడా అలాంటిదే.

రెండో విన్నపం చిన్నదే గానీ వదలకండి. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లలో మామూలు సెట్టింగ్ ప్రకారం వెబ్ లాగ్ ఫైళ్లు 14 రోజులే ఉంటాయి, తర్వాత పాతవి ఒక్కొక్కటిగా చెరిగిపోతాయి. రిజల్ట్స్ వచ్చాక రాద్దాంలే అనుకుంటే అప్పటికి చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు. అదే రోజు, కాకపోతే మర్నాడు పంపాలి. సబ్జెక్ట్ చెప్పే మేడమ్‌నో సర్‌నో సీసీలో పెట్టాలి. మార్కుల నిర్ణయం హెల్ప్ డెస్క్‌ది కాదు, వాళ్లది.

మూడో విన్నపంలో "పరీక్ష మళ్లీ పెట్టండి" అని రాయకపోవడానికి కారణం ఉంది. మూడిల్‌లో ఒక విద్యార్థికి ప్రత్యేకంగా ఇంకో అటెంప్ట్ ఇవ్వవచ్చు, కానీ దాంతో పేపరంతా మళ్లీ తెరుచుకుంటుంది. దానికి కాలేజీ ఒప్పుకోవడం కష్టం. ఒక్క ప్రశ్నను కాగితం మీదనో, వైవాగానో అడగడం వాళ్లకు తేలిక.

జవాబులో గుర్తున్నదంతా ఆ రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. దాన్ని జత చేస్తే మాత్రం "పరీక్ష తర్వాత గుర్తున్నంత వరకు రాసినది" అని స్పష్టంగా చెప్పాలి. అది పరీక్షలో రాసిన జవాబే అని చూపించబోతే ఇబ్బందిలో పడతారు.

"లాగ్స్‌లో ఏమీ లేదు" అని జవాబొస్తే

రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లై ఇస్తూ అడగండి. కొత్త మెయిల్ పెడితే మొదటిది ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర ఆగిపోతాయి.

ఏమీ కనిపించలేదని జవాబొస్తే, ఏ టైమ్ మధ్య చూశారో మర్యాదగా అడగండి. చాలా సర్వర్లు లాగ్స్‌ను యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో రాస్తాయి. అది మన టైమ్ కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. మన 10:54 అక్కడ 05:24 అవుతుంది. బ్రాడీపేట అమ్మాయి విషయంలోనూ మొదట 10:50 దగ్గర వెతికితే ఆమె పేరే కనిపించలేదు. 05:20 దగ్గర చూస్తే అంతా ఉంది. 05:24 వరకు నిమిషానికోసారి సేవ్ అయిన గుర్తులు, ఆ తర్వాత 05:40 దాకా ఏమీ లేదు, అప్పుడు మళ్లీ పేజీ తెరిచిన గుర్తు. 10:57 నాటి స్క్రీన్‌షాట్ సరిగ్గా ఆ ఖాళీలో పడింది. పోయిన జవాబు దొరకలేదు. మొదటి పేరాను దిద్దకుండా పక్కన పెట్టి, మేడమ్ ఆ ప్రశ్న బదులు అదే చాప్టర్ నుంచి ఇంకో 8 మార్కుల ప్రశ్న ఇచ్చి స్టాఫ్ రూమ్‌లో కాగితం మీద రాయించారు.