క్లిప్‌లో మాట కంటే క్యాప్షన్ ముందే వచ్చేస్తుంటే

గంటన్నర ఇంటర్వ్యూ నుంచి చిన్న క్లిప్‌లు తీస్తున్నాను. 41:12 దగ్గర ఆయన, "అందుకే ఆ రోజు నుంచి మళ్లీ అప్పు జోలికి పోలేదు" అన్నారు. మాట బాగుంది, కానీ విడిగా వింటే ఆ 'అందుకే' దేనికో తెలీదు. వెనక్కి వెళ్తే 40:58 దగ్గర కారణం దొరికింది: "జీతమంతా వడ్డీకే పోయేది." అక్కడి నుంచి 18 సెకన్లు తీసుకున్నాను. మధ్యలో నసుగుడు ఉన్నా కత్తిరించలేదు, ఆలోచించి చెబుతున్నట్టు అదే తెలుస్తోంది.

క్యాప్షన్లు సున్నా సెకను నుంచి లెక్కగట్టి పెట్టాను. అయినా ఆయన నోరు తెరవకముందే అక్షరాలు పడిపోతున్నాయి. ఇంకో ప్లేయర్‌లో అదే ఫైల్ సరిగ్గానే ఆడింది, అదే అసలు టెన్షన్.

తేడా, ffmpegలో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు కోయడానికి నేను వాడిన `-c copy` దగ్గర ఉంది. అలా కోస్తే వీడియో మనం అడిగిన చోట కాక, దానికి ముందున్న కీఫ్రేమ్ నుంచి మొదలవుతుంది. ఆ అదనపు ముక్కను కొన్ని ప్లేయర్లు దాచేస్తాయి, కొన్ని చూపిస్తాయి. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే కోత సరైన చోట పడింది:

```
ffmpeg -ss 00:40:58 -i interview.mp4 -t 18 -c:v libx264 -c:a aac clip.mp4
```

కాస్త టైమ్ పడుతుంది, అంతే.

క్యాప్షన్‌లో "అప్పు జోలికి / పోలేదు" అని విరిగితే మొదటి ముక్క అర్థం తిరగబడుతుంది. అందుకే "మళ్లీ అప్పు జోలికి పోలేదు" మొత్తాన్నీ ఒకే లైన్‌లో ఉంచాను.