పని దినాలు తగ్గితే ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌లో క్యాలెండర్ వేరియన్స్ ఎలా లెక్కించాలి?

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న కారం మిల్లుకు లెక్కలు చూస్తుంటాను. 2024 మే నెల లెక్క తీస్తున్నప్పుడు యజమాని పక్కన కూర్చుని, "ఓట్ల పుణ్యమా అని రెండు రోజులు పోయాయి బాబూ, ఆ రెండూ క్యాలెండర్ వేరియన్స్‌లో వేసెయ్" అన్నారు. "ఒకటే వెయ్యగలనండీ, రెండోది అక్కడ పట్టదు" అన్నాను. ఆ రెండో రోజు ఎందుకు పట్టదో తెలిస్తే ఈ లెక్కలో ముప్పాతిక వంతు తెలిసినట్టే. ఆ నెలనే ఉదాహరణగా తీసుకుందాం. సులువుగా ఉండాలని అంకెలను గుండ్రంగా మార్చాను.

మొదట బడ్జెట్ రోజులు, రోజు రేటు

షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, యంత్రాల తరుగుదల, ఇన్సూరెన్స్, కరెంటు బిల్లులో వాడినా వాడకపోయినా కట్టాల్సిన ఫిక్స్‌డ్ ఛార్జీ. మిల్లు తిరిగినా తిరగకపోయినా ఇవి ఆగవు. మే నెలకు వీటి బడ్జెట్ ₹5,20,000 అనుకుందాం.

ఇక రోజులు. మేలో 31 రోజులు, నాలుగు ఆదివారాలు, 1వ తేదీ మేడే. మిగిలినవి 26. రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు. అంటే రోజు రేటు ₹20,000, గంట రేటు ₹2,500. గంటకు 100 కిలోల కారం ఆడాలన్నది స్టాండర్డ్ కాబట్టి కిలో మీద పడే స్థిర ఖర్చు ₹25.

తర్వాత గేటు రిజిస్టర్ చూడాలి

వాస్తవ పని దినాలను జీతాల షీటులోంచి తీసుకోకూడదు. ఎన్నికల రోజు మిల్లు మూసినా చట్ట ప్రకారం పనివాళ్లకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, కాబట్టి జీతాల షీటులో ఆ రోజు కూడా పని దినంలాగే కనబడుతుంది. మిల్లు తెరిచిందో లేదో గేటు రిజిస్టర్‌లో ఉంటుంది.

ఈ మిల్లు బడ్జెట్ ఫిబ్రవరిలో వేశారు. ఎన్నికల షెడ్యూల్ వచ్చింది మార్చి 16న. రాష్ట్రంలో పోలింగ్ మే 13, సోమవారం. బడ్జెట్‌లో లేని సెలవు అది. ఆ రోజు గేటు తియ్యలేదు, తియ్యాలని ఎవరూ అనుకోలేదు కూడా. కాబట్టి అది క్యాలెండర్‌లోకే వెళ్తుంది.

14వ తేదీ సంగతి వేరు. శనివారం సాయంత్రమే ఊళ్లకు వెళ్లిన పనివాళ్లలో చాలామంది మంగళవారం ఉదయానికి తిరిగి రాలేదు. సూపర్‌వైజర్ వచ్చాడు, గేటు తీశాడు, తొడిమలు తీసే వాళ్లు ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నం దాకా చూసి వాళ్లను కూడా పంపేశాడు. మిల్లు ఒక్క గంట కూడా తిరగలేదు. నష్టం 13వ తేదీ లాంటిదే. కానీ అది మిల్లుకు పని దినం. ఉన్న సామర్థ్యాన్ని వాడుకోలేకపోయాం, అంతే. అది కెపాసిటీ వేరియన్స్.

నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఆ రోజు మిల్లు నడపాలని అనుకున్నామా, లేదా? అనుకుని నడపలేకపోతే కెపాసిటీ, అసలు ఆ రోజు పని దినమే కాకపోతే క్యాలెండర్. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. అప్పుడు కాయలు దొరక్క మిల్లు ఖాళీగా ఉంటే అదీ కెపాసిటీయే, ఎందుకంటే సెలవు యార్డుకు, మిల్లుకు కాదు. యజమాని ఇందుకు ఒక పట్టాన ఒప్పుకోరు. క్యాలెండర్ పద్దులో పడితే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, కెపాసిటీలో పడితే "కోల్డ్ స్టోరేజీలో సరుకు ముందే ఎందుకు పెట్టుకోలేదు?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రావడానికే కదా ఈ రెండింటినీ విడదీసేది.

ఇప్పుడు లెక్క

```
క్యాలెండర్ వేరియన్స్ = (వాస్తవ రోజులు − బడ్జెట్ రోజులు) × రోజు రేటు
                    = (25 − 26) × 20,000
                    = −20,000
```

మైనస్ వచ్చింది కాబట్టి ప్రతికూలం. ఆదివారం కూడా నడిపి రోజులు బడ్జెట్‌ను దాటితే ప్లస్ వస్తుంది, అది అనుకూలం.

ఈ ₹20,000 ఎక్కువ ఖర్చయిందని కాదు. అద్దె అంతే కట్టాం, జీతం అంతే ఇచ్చాం. ఆ ఖర్చును మొయ్యాల్సిన కారం 800 కిలోలు తయారు కాలేదు, కిలోకు ₹25 చొప్పున ఆ మేరకు ఖర్చు సరుకు మీద పడకుండా మిగిలిపోయింది. ఖర్చు పెరిగిందా అనేది వేరే లెక్క. ఆ నెల అసలు ఖర్చు ₹5,26,000, కాబట్టి ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ ₹6,000 ప్రతికూలం. దానికీ రోజులకూ సంబంధం లేదు.

తప్పు దొర్లేది ఇక్కడ

క్యాలెండర్ వేరియన్స్‌ను విడిగా తీశాక కెపాసిటీని మళ్లీ 208 గంటలతో పోల్చకూడదు. 25 రోజులకు ఉండాల్సిన 200 గంటలతో పోల్చాలి. మిల్లు నిజంగా తిరిగింది 188 గంటలు. 14వ తేదీన 8 గంటలు, ఇంకోరోజు గాలివానకు కరెంటు పోయి 4 గంటలు పోయాయి. వచ్చిన కారం 18,600 కిలోలు, అంటే స్టాండర్డ్ ప్రకారం 186 గంటల పని. తిరిగిన గంటల కంటే 2 తక్కువ, అదే ఎఫిషియెన్సీ వేరియన్స్.

```
క్యాలెండర్    (200 − 208) × 2,500 = −20,000
కెపాసిటీ      (188 − 200) × 2,500 = −30,000
ఎఫిషియెన్సీ    (186 − 188) × 2,500 =  −5,000
మొత్తం                            −55,000
```

సరిపోయిందో లేదో చూడటానికి వాల్యూమ్ వేరియన్స్‌ను నేరుగా తీయండి. సరుకు మీద పడిన ఖర్చు 18,600 × 25 = ₹4,65,000. బడ్జెట్ ₹5,20,000. తేడా ₹55,000, సరిపోయింది. కెపాసిటీని 208తో పోల్చి ఉంటే −50,000 వచ్చి, మొత్తం −75,000 అయ్యేది. ఎక్కువ వచ్చిన ₹20,000 పోలింగ్ రోజే, రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. మీ మొత్తం సరిగ్గా క్యాలెండర్ వేరియన్స్ అంత తేడాతో తప్పితే, వెతకాల్సింది ఇక్కడే.

ఏడాదిని 12తో భాగించే వాళ్లకు

కొందరు ఏడాదికి 300 పని దినాలు అనుకుని ప్రతి నెలకూ 25 వేస్తారు. అలా చేస్తే ఏ సెలవూ కొత్తగా రాకపోయినా క్యాలెండర్ వేరియన్స్ వస్తూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో 28 రోజులు, నాలుగు ఆదివారాలు, 26న శివరాత్రి. మిగిలినవి 23. అంటే గోడ మీది క్యాలెండర్‌లో ముందే ఉన్న సంగతికి రెండు రోజుల ప్రతికూలం చూపించి టెన్షన్ పడుతున్నారన్నమాట. నెలనెలా రిపోర్టు చూసే చోట నెలవారీ రోజులే వేసుకోవాలి. పండగలను కూడా అప్పుడే తీసెయ్యాలి.

పోయిన రోజును ఆదివారం నడిపి పూడ్చుకుంటే?

యజమాని చివరగా అడిగింది ఇదే: "19వ తేదీ ఆదివారం మిల్లు నడిపి ఉంటే?" అప్పుడు వాస్తవ రోజులు 26, క్యాలెండర్ వేరియన్స్ సున్నా. కానీ ఆదివారం వచ్చినందుకు సూపర్‌వైజర్‌కు అదనంగా ఇచ్చేది ఎక్స్‌పెండిచర్‌లోనూ, పనివాళ్లకు ఇచ్చే ఎక్కువ కూలి లేబర్ రేటులోనూ ప్రతికూలంగా తేలుతుంది. ఆ అదనం ₹20,000 కంటే తక్కువని చూసి వెంటనే సరే అనెయ్యకండి. ఆ రోజు ఆడే 800 కిలోలకు ఆర్డరు ఉందా అన్నది ముందు చూడాలి. ఆర్డరు లేకపోతే వేరియన్స్ పోతుంది గానీ బస్తాలు గోడౌన్‌లో ఉండిపోతాయి. ఈ మాట చెప్పగానే ఆయన ఆర్డర్ల పుస్తకం తీసుకురమ్మని కుర్రాణ్ని పంపారు.