ఫారిన్ మిషన్ పోర్టుకి చేరేలోపే కస్టమ్స్ బ్రోకర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్త పల్పరు, దాంతోపాటు అసెప్టిక్ ఫిల్లర్ చెన్నై పోర్టుకి వస్తున్నాయి అనుకుందాం.

ముందు టైం చూసుకోండి. ఓడ వచ్చే ముందురోజు ముగిసేలోపు కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి డిక్లరేషన్, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, వేసెయ్యాల, లేటైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 లేట్ ఫీజు పడుద్ది. అందుకే సరుకు అక్కడ లోడ్ అయిన వెంటనే మెయిల్ కొట్టండి.

తర్వాత కాగితాలు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్సూరెన్స్, పర్చేజ్ ఆర్డర్, మీ దిగుమతి-ఎగుమతి కోడ్ ఐఈసీ, మిషన్ క్యాటలాగ్, అన్నీ ఒకే మెయిల్‌లో పెట్టండి. పంపేముందు ప్యాకింగ్ లిస్ట్‌లో గ్రాస్ వెయిట్, బిల్ ఆఫ్ లేడింగ్‌లో గ్రాస్ వెయిట్ పక్కపక్కన పెట్టి చూడండి, ఇన్వాయిస్‌లో సీరియల్ నంబర్ సప్లయర్ పంపిన నేమ్‌ప్లేట్ ఫోటోతో కలవాల. తేడా ఉంటే సప్లయర్ చేత ఇప్పుడే సరిచేయించుకోండి, పోర్టులో ఎగ్జామినేషన్‌లో బయటపడితే సరుకు అక్కడే ఆగిపోతుంది. సెకండ్‌హ్యాండ్ మిషన్ అయితే చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ కూడా కావాల.

అసలు జాగ్రత్తగా రాయాల్సింది డ్యూటీ కోడ్ గురించి. "ఏ కోడ్‌లో తక్కువ పడుద్ది" అని అడగొద్దు, మిషన్ ఏం పని చేస్తుందో చెప్పి ఏ హెడింగ్, అంటే కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు, ఎందుకు అని అడగండి. ఇట్లా:

"నమస్తే సార్, కాగితాలు జత చేశాను, ఇంకా ఏమన్నా కావాలంటే చెప్పండి. పల్పరు టెంక తీసిన మామిడిని జల్లెడలో తిప్పి గుజ్జు చేస్తుంది, జ్యూస్ పిండదు. ఇది 8438 కిందికి వస్తుందా, 8435 కిందికా? ఫిల్లర్ గుజ్జుని స్టెరైల్ బ్యాగుల్లో నింపి మూసేస్తుంది, దీనికి 8422 సరేనా? రెండూ ఒకే లైన్‌గా పనిచేస్తాయి కాబట్టి టారిఫ్ సెక్షన్ 16 నోట్ 4 ప్రకారం ఒకే హెడింగ్‌లో వేయొచ్చా, లేక విడివిడిగానా? స్పేర్లు విడిగా ఇన్వాయిస్ చేశారు, వాటి కోడ్లు కూడా చెప్పండి. కారణం, రేటు రెండూ రాసి పంపితే ఫైల్లో పెట్టుకుంటాం."

పనిని ఇంత వివరంగా ఎందుకు రాయాలంటే, 8435 జ్యూసు, వైన్ లాంటి పానీయాల తయారీకి వాడే ప్రెస్సులు, క్రషర్లది, 8438 పండ్లు, కూరగాయలు ప్రాసెస్ చేసే మిషన్లది, ఉత్త "మామిడి మిషన్" అని రాస్తే బ్రోకర్ ఊహించి వేయాల్సి వస్తుంది. డబ్బుల లెక్క కూడా చూడండి: ధర, ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కలిపిన సీఐఎఫ్ విలువ 80 లక్షలు, బేసిక్ డ్యూటీ 7.5 శాతం అనుకుంటే 6 లక్షలు, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 60 వేలు. ఐజీఎస్టీకి క్రెడిట్ తీసుకోవచ్చు గానీ ఈ 6.6 లక్షలు వెనక్కి రావు.

బ్రోకర్ కూడా గట్టిగా చెప్పలేకపోతే, సరుకు బయల్దేరకముందే అయితే కోడ్ ఏదో అధికారికంగా ముందే తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్‌కి అప్లై చేయొచ్చా అని అడగండి.