స్కాలర్‌షిప్ కటాఫ్‌తో రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ అసైన్‌మెంట్ ఎలా చేయాలి?

ప్రభుత్వ బడుల పిల్లలు ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఆ డబ్బు వల్ల పదో తరగతి మార్కులు పెరుగుతాయా అన్నది మీ ప్రశ్న అనుకుందాం. ఎంపికైనవాళ్లనీ కానివాళ్లనీ నేరుగా పోలిస్తే కుదరదు. ఎంపికైనవాళ్లు మొదటినుంచీ బాగా చదివేవాళ్లే కదా.

అయితే కటాఫ్ 108 ఉన్నచోట, 107 తెచ్చుకున్న కావలి అమ్మాయికీ 108 తెచ్చుకున్న ఆత్మకూరు అబ్బాయికీ తేడా ఒక్క బిట్టే. చదువులో ఇద్దరూ దాదాపు సమానం, కానీ డబ్బు ఒక్కరికే వస్తుంది. కాబట్టి సరిగ్గా ఆ గీత దగ్గర పదో తరగతి మార్కులు ఒక్కసారిగా ఎగిరితే, ఆ ఎగురు స్కాలర్‌షిప్ వల్లే అనవచ్చు. అమెరికాలో థిసిల్‌త్వెయిట్, క్యాంప్‌బెల్ 1960లో మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష మీద మొదలుపెట్టిన రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ పద్ధతి ఇదే.

డేటా సర్దుకోవడం

ఎంపికైనవాళ్ల జాబితా ఒక్కటే ఉంటే పని జరగదు. కటాఫ్‌కి కాస్త కింద ఆగిపోయినవాళ్ల మార్కులూ కావాలి. ఇక్కడ ఎంపిక జిల్లా కోటాను, రిజర్వేషన్ వర్గాన్ని బట్టి జరుగుతుంది కాబట్టి నెల్లూరు జిల్లాలోనే ఒక్కో జాబితాకు ఒక్కో కటాఫ్ ఉంటుంది. అందుకే ప్రతి విద్యార్థి మార్కుల్లోంచి వాళ్ల జాబితా కటాఫ్‌ని తీసేసి, ఆ తేడాని `x` అనుకోండి. 108 కటాఫ్‌కి 107 వస్తే −1, సరిగ్గా 108 వస్తే 0. కటాఫ్ మార్కు దగ్గర టై పడి కొందరే ఎంపికయ్యారేమో కూడా చూసుకోండి.

బొమ్మ, ఆ తర్వాతే లెక్క

`x` విలువ ఒక్కోదానికి పదో తరగతి సగటు మార్కులు లెక్కగట్టి చుక్కలు పెట్టండి. సున్నా దగ్గర ఎగురు కంటికి ఆనకపోతే, ఫలితం గట్టిదని టేబుల్లో ఎన్ని నక్షత్రాలు చూపినా నేనైతే నమ్మను. తర్వాత సున్నాకి రెండు వైపులా దగ్గరలో ఉన్నవాళ్లనే తీసుకుని, ఒక్కో వైపు ఒక్కో సరళరేఖ గీయాలి. ఆర్‌లో ఇంతే:

```r
d$x <- d$score - d$cutoff
d$D <- as.integer(d$x >= 0)
summary(lm(tenth ~ D * x,
  data = subset(d, abs(x) <= 10)))
```

`D` పక్కన వచ్చే సంఖ్యే ఎగురు. రేఖలెందుకు, ఆ పది మార్కుల లోపు సగటులు పోల్చేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక ఊహా లెక్క చూడండి. ఎడమ రేఖ సున్నా దగ్గర 452కి, కుడి రేఖ 470కి చేరాయి, అంటే ఎగురు 18. రెండు రేఖలూ మార్కుకి 2 చొప్పున పైకి పోతున్నాయి. ప్రతి మార్కు దగ్గరా పిల్లలు సమానంగా ఉంటే, కుడివైపు సగటు 480, ఎడమవైపు 441. తేడా 39 కనిపిస్తుంది! అందులో 21 మార్కులు మామూలు చదువు తేడావే. పది బదులు ఐదు, పదిహేను పెట్టి కూడా నడిపి చూడండి. జవాబు తలకిందులైతే ఆ సంగతి దాచకుండా రాయాలి.

ఎక్కడ దెబ్బతింటుంది

కటాఫ్ పరీక్ష తర్వాత తేలుతుంది కాబట్టి ముందే చూసుకుని దాన్ని దాటడం కష్టం. అయినా ఏడో తరగతి మార్కుల్ని `tenth` స్థానంలో పెట్టి అదే కోడ్ నడపండి. స్కాలర్‌షిప్‌కి ముందటి మార్కుల్లో ఎగురు రాకూడదు.

అసలు చిక్కు మరోటి. ఈ స్కాలర్‌షిప్ నిలవాలంటే ప్రైవేటు బడికి మారకూడదు. రానివాళ్లకి ఆ కట్టుబాటు లేదు, వాళ్లలో కొందరు ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రైవేటు బడిలో చేరిపోతారు. మీరు పదో తరగతి మార్కులు ప్రభుత్వ బడుల నుంచే తెస్తే, ఎడమవైపు పిల్లలే కొందరు మాయమవుతారు. అప్పుడు పోలిక చెడుతుంది. మార్కులు దొరికాయా లేదా అన్నదాన్ని 1, 0గా రాసి, దాని మీదే ముందు ఎగురు వెతకండి. అక్కడ ఎగురు ఉంటే తప్పిపోయినవాళ్ల మార్కులు సంపాదించేదాకా ముందుకెళ్లొద్దు.

ఎంపికైనా బ్యాంకు ఖాతా, పోర్టల్ నమోదు దగ్గర ఆగిపోయి డబ్బు అందనివాళ్లూ ఉంటారు. కటాఫ్ పైన 75 శాతం మందికే అంది, కింద ఎవరికీ అందకపోతే, 18ని 0.75తో భాగించండి: 24. ఎంపికవడం వల్ల వచ్చిన తేడా 18, డబ్బు చేతికందినందువల్ల వచ్చింది 24. ఎంపికైన పేరే హుషారు పెంచి మార్కులు తెచ్చి ఉంటే మాత్రం ఈ భాగహారం చెల్లదు.

ఫలితం రాసేటప్పుడు 'కటాఫ్ దగ్గరున్న పిల్లలకి' అన్న మాట తప్పకుండా ఉండాలి. 150 వచ్చినవాళ్ల గురించి, 70 దగ్గర ఆగినవాళ్ల గురించి ఈ లెక్క ఏమీ చెప్పదు.